కోట గుమ్మం దగ్గర ఆట ఎందుకు ఆగుతుంది?

ఫోన్‌లో ఆడుతున్నప్పుడు మీ వీరుడు ఊరు దాటి, సొరంగంలోంచి కోటలోకి అడుగు పెడతాడు. సరిగ్గా అప్పుడే బొమ్మ క్షణం పాటు బిగుసుకుపోయి, మళ్లీ కదులుతుంది. ఫోన్ పాతబడిందని అనుకుంటాం. చాలాసార్లు కారణం అది కాదు. కోటను మెమరీలోకి తెచ్చే పనిలో ఒక అంచెను ఎవరూ ముక్కలు చేయలేదు, అంతే.

సెకనుకు 60 ఫ్రేములు కనబడాలంటే ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లలో పూర్తవ్వాలి. ఆ గడువు దాటితే తెర మీద పాత ఫ్రేమే ఉండిపోతుంది.

కొత్త లెవెల్ రెండు అంచెల్లో వస్తుంది. మొదట ఫైళ్లను స్టోరేజి నుంచి చదివి విప్పాలి. ఇది వేరే థ్రెడ్‌లో, ఆట నడుస్తుండగానే జరిగిపోతుంది. రెండోది అప్‌లోడ్: వస్తువుల ఆకారాన్ని చెప్పే మెష్‌లను, వాటి పైపూత అయిన టెక్స్చర్లను జీపీయూకి అప్పగించడం. చాలా ఇంజిన్లలో ఈ పని ఫ్రేమును గీసే థ్రెడ్ మీదే పడుతుంది. అందుకే ‘బ్యాక్‌గ్రౌండ్‌లో లోడ్ చేస్తున్నాం’ అన్నాక కూడా ఆట ఆగుతుంది.

లెక్క వేసి చూద్దాం. 2048×2048 టెక్స్చర్‌ను ASTC 4×4 పద్ధతిలో కుదిస్తే, దూరం నుంచి చూసేందుకు వాడే చిన్న ప్రతులతో కలిపి సుమారు 5.3 ఎంబీ అవుతుంది. మన కోటలో అలాంటివి 27 ఉన్నాయనుకుందాం, అంటే 144 ఎంబీ. మెష్‌లు మరో 16 ఎంబీ. మొత్తం 160. ఈ ఫోన్ మిల్లీసెకనుకు 2 ఎంబీ అప్‌లోడ్ చేయగలదనుకుంటే, అంతా ఒకేసారి పంపడానికి 80 మిల్లీసెకన్లు పడుతుంది. దాదాపు ఐదు ఫ్రేములు పోయినట్టే. అదే పనిని ఫ్రేముకు 2 మిల్లీసెకన్ల చొప్పున పంచితే 40 ఫ్రేముల్లో, అంటే సెకనులో మూడింట రెండొంతుల్లో, ముగుస్తుంది. ఆటకు ఫ్రేముకు 13 మిల్లీసెకన్లు సరిపోతుంటే ఈ రెండూ మిగులులోనే ఇమిడిపోతాయి.

యూనిటీ ఇంజిన్‌లో ఈ వాటాను రెండు లైన్లలో చెప్పొచ్చు:

```csharp
QualitySettings.asyncUploadTimeSlice = 2;
QualitySettings.asyncUploadBufferSize = 32;
```

మొదటిది ఫ్రేముకు ఇచ్చే మిల్లీసెకన్లు. రెండోది ఎంబీల్లో బఫర్ పరిమాణం: చదివిన డేటా జీపీయూకి వెళ్లే ముందు ఇక్కడ వరుసలో నిలబడుతుంది. ఒక టెక్స్చర్ కూడా పట్టనంత చిన్నదైతే ఇంజిన్ ఆట మధ్యలో బఫర్‌ను పెంచుకోవాల్సి వస్తుంది, ఆ పనికీ సమయం పోతుంది. కాబట్టి అన్నిటికన్నా పెద్ద టెక్స్చర్ పట్టేలా ముందే పెట్టుకోవాలి.

ఇంత చేసినా కొన్ని దారి తప్పుతాయి. టెక్స్చర్‌కో మెష్‌కో `Read/Write` టిక్ పెట్టి ఉంటే అది ఈ వరుసలోకి రాదు. మామూలు దారిలో, ఒకే ఫ్రేములో మొత్తంగా వెళ్తుంది. అవసరం లేని చోట ఆ టిక్ తీసేయాలి.

ఇలాంటి లోపాన్ని సగటు ఎఫ్‌పీఎస్ చూసి పట్టుకోలేం. సెకనులో ఒకే ఒక్క ఫ్రేము 100 మిల్లీసెకన్లు తీసుకున్నా సగటు 55 చూపిస్తుంది. ఆ అంకె బాగానే ఉన్నట్టుంటుంది, ఆడేవాడి కంటికి మాత్రం కుదుపు తెలిసిపోతుంది. అందుకే ప్రొఫైలర్‌లో ఒక్కో ఫ్రేము సమయాన్ని గీతగా చూడాలి. అప్‌లోడ్ సరిగ్గా పంచితే ఆ గీత కొంచెం పైకి లేచి, కాసేపు అక్కడే సమంగా నడుస్తుంది. అప్పటికీ సూదిలా ఒక్క పోటు కనబడితే అక్కడ వేరే పని జరుగుతోందన్నమాట. లెవెల్ తెరుచుకోగానే వందల వస్తువుల `Awake` ఫంక్షన్లు ఒకే ఫ్రేములో నడవడం తరచూ కనబడే కారణం. అప్‌లోడ్ వాటా ఎంత మార్చినా అది తగ్గదు. ఆ వస్తువులను విడతలవారీగా మేల్కొలపాలి.

వాటాను ఎంబీల్లో కాకుండా సమయంలో ఎందుకు కొలుస్తారు? సగం వేగం ఉన్న ఫోన్‌లో ఫ్రేముకు 4 ఎంబీ పంపాలని పట్టుబడితే 4 మిల్లీసెకన్లు పడుతుంది. ఆటవి 13 కలిపితే 17, గడువు దాటింది. 2 మిల్లీసెకన్లే అని కట్టడి చేస్తే ఫ్రేము కుదుపు లేకుండా నడుస్తుంది. కోట సిద్ధం కావడానికి మాత్రం 40కి బదులు 80 ఫ్రేములు, అంటే 1.3 సెకన్లు పడుతుంది.

ఆ ఆలస్యాన్ని భరించాల్సింది సొరంగమే. నెమ్మది ఫోన్‌లో ఫైళ్లు చదవడానికి 3 సెకన్లు, ఆ తర్వాత అప్‌లోడ్‌కి 1.3 సెకన్లు అనుకుంటే మొత్తం 4.3. వీరుడు సెకనుకు 5 మీటర్లు పరుగెత్తుతాడు కాబట్టి సొరంగం కనీసం 22 మీటర్లు ఉండాలి. అంతకన్నా పొట్టిదైతే ఫ్రేముల్లో ఎంత పొదుపు చేసినా, గుమ్మం దగ్గర వీరుణ్ని నిలబెట్టక తప్పదు.