కొనబోయే చిన్న కంపెనీకి ఎంత ఇవ్వొచ్చు?

2021 సెప్టెంబరులో అమెరికాలోని అతి పెద్ద బ్యాంకు జేపీ మోర్గాన్ చేజ్ ‘ఫ్రాంక్’ అనే చిన్న కంపెనీని 17.5 కోట్ల డాలర్లకు కొన్నది. కాలేజీ చదువుకు ప్రభుత్వం ఇచ్చే ఆర్థిక సాయం కోసం విద్యార్థులు పెట్టుకునే దరఖాస్తును సులువుగా నింపుకునేలా చేసే వెబ్‌సైట్ అది. తమ దగ్గర 42.5 లక్షల మంది విద్యార్థుల వివరాలున్నాయని దాని వ్యవస్థాపకురాలు చార్లీ జావిస్ చెప్పారు. చదువుకునే రోజుల్లో ఖాతా తెరిచినవాళ్లు ఉద్యోగం వచ్చాక కూడా అదే బ్యాంకులో కొనసాగుతారన్నది జేపీ మోర్గాన్ ఆశ. కంపెనీ అప్పటికి సంపాదిస్తున్న లాభం కంటే, ఆ విద్యార్థులు తన ఖాతాదారులైతే వచ్చే లాభమే బ్యాంకును ఆకర్షించింది.

రెండు వ్యాపారాలు కలిసినప్పుడు, విడివిడిగా ఉంటే రాని ఇలాంటి అదనపు లాభాన్నే ‘సినర్జీ’ అంటారు. అమ్మేవారు చెప్పిన విషయాలు నిజమో కాదో సంతకానికి ముందు తేల్చుకునే పరిశీలన పేరు ‘డ్యూ డిలిజెన్స్’.

ఫ్రాంక్ విషయంలో పరిశీలన జరగకపోలేదు. విద్యార్థుల జాబితా చూపించమని బ్యాంకు అడిగింది. వాళ్ల గోప్యత దెబ్బతింటుందని జావిస్ మొదట అభ్యంతరం చెప్పారు. ఆ తర్వాత ఒక డేటా సైన్స్ ప్రొఫెసర్‌కు డబ్బిచ్చి, లేని విద్యార్థుల వివరాలతో ఒక జాబితా తయారు చేయించారు. దాన్ని మధ్యవర్తి సంస్థ ఒకటి చూసింది. కానీ ఆ సంస్థ చూసింది జాబితాలో ఎన్ని వరుసలున్నాయి, ఏయే గడులు నిండి ఉన్నాయి అన్నది మాత్రమే. ఆ పేర్లుగల మనుషులు నిజంగా ఉన్నారా అన్న ప్రశ్న జోలికి ఎవరూ వెళ్లలేదు.

కొనుగోలు పూర్తయ్యాక బ్యాంకు ఆ జాబితా నుంచి సుమారు 4 లక్షల మందికి ఈమెయిల్స్ పంపింది. మామూలుగా తమ మెయిల్స్ 99 శాతం చేరతాయని, వీటిలో 28 శాతమే చేరాయని బ్యాంకు తర్వాత కోర్టుకు చెప్పింది. అసలు వినియోగదారులు 3 లక్షలకు మించి లేరని తేలింది. 2025 మార్చిలో జ్యూరీ జావిస్‌ను దోషిగా నిర్ధారించింది. అదే ఏడాది సెప్టెంబరులో కోర్టు ఆమెకు ఏడేళ్లకు పైగా జైలుశిక్ష వేసింది.

ఆ 4 లక్షల మెయిల్స్‌లో వెయ్యి ముందే పంపి ఉంటే విషయం ఒక్క రోజులో బయటపడేది. బ్యాంకు ఆశించిన సినర్జీ, చేయించిన పరిశీలన, రెండూ ఒకే అంకెను నమ్ముకున్నాయి. ఆ అంకె మాత్రం అమ్మేవారి చేతుల మీదుగానే వచ్చింది.

జేపీ మోర్గాన్ లాంటి సంస్థ ఆ నష్టాన్ని తట్టుకోగలదు. ఇల్లు తాకట్టు పెట్టి పక్క ఫ్యాక్టరీని కొనే చిన్న వ్యాపారి తట్టుకోలేడు. అందుకని ఈ లెక్క చిన్న స్థాయిలో ఎలా నడుస్తుందో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. హైదరాబాద్‌లోని ఒక ప్యాకేజింగ్ కంపెనీ జీడిమెట్లలో అట్టపెట్టెలు తయారుచేసే యూనిట్‌ను కొనాలనుకుంటోంది. యూనిట్‌కు బ్యాంకు అప్పు లేదు. వడ్డీ, పన్ను, తరుగుదల తీయకముందు ఏటా 3 కోట్ల రూపాయల లాభం వస్తోందని యజమాని చెప్పాడు. ఇలాంటి లాభాన్నే ఎబిటా అంటారు. ఎబిటాకు ఐదు రెట్లు కట్టి 15 కోట్లు, రెండు కంపెనీలు కలిస్తే వచ్చే లాభంలో తన వాటాగా మరో 3 కోట్లు, మొత్తం 18 కోట్లు అడిగాడు.

కొనే కంపెనీ మేనేజర్లు సినర్జీ ఏటా కోటిన్నర ఉంటుందని లెక్క వేశారు. దానికీ అదే ఐదు రెట్లు కడితే ఏడున్నర కోట్లు. 15 కోట్లకు అది కలిపితే 22.5 కోట్ల విలువ. అంత విలువైనది 18 కోట్లకు వస్తుంటే ఎవరికైనా చవక బేరంగానే కనిపిస్తుంది. ఎక్కువ ధర పెట్టి చేతులు కాల్చుకున్న చాలా కొనుగోళ్లు ఇలాంటి కాగితంతోనే మొదలవుతాయి.

ముందు ఆ 3 కోట్ల లాభం సంగతి తేల్చాలి. యూనిట్ నడిచే షెడ్డు యజమాని భార్య పేరున ఉంది. అద్దె నెలకు పాతిక వేలు. చుట్టుపక్కల అలాంటి షెడ్డుకు రెండు లక్షలు పలుకుతోంది. యూనిట్ చేతులు మారాక ఆవిడ పాత అద్దెకే ఇవ్వరు కాబట్టి ఏటా 21 లక్షలు లాభంలోంచి తీసేయాలి. యజమాని, ఆయన కొడుకు జీతం తీసుకోకుండా పనిచేస్తున్నారు. వాళ్ల స్థానంలో ఒక మేనేజర్‌ను, ఒక సూపర్‌వైజర్‌ను పెట్టుకుంటే 24 లక్షలు. పాత మెషిన్ అమ్మితే వచ్చిన 15 లక్షలను ఆ ఏటి ఆదాయంలో కలిపారు. అది మళ్లీ రాదు. ఈ మూడూ కలిపి 60 లక్షలు. నిలకడగా వచ్చే లాభం 2.4 కోట్లే. ఐదు రెట్లు కడితే 12 కోట్లు.

ఇందులో మోసం ఏమీ లేదు. కుటుంబ వ్యాపారాల లెక్కలు చాలావరకు ఇలాగే ఉంటాయి. కానీ ఏటా తగ్గే ప్రతి లక్ష కొనుగోలు ధరలో ఐదు లక్షలవుతుంది.

తర్వాత చూడాల్సింది బాకీలు. ఆరు నెలలు దాటినా వసూలు కాని బిల్లులు 70 లక్షలున్నాయి. ఆ కస్టమర్లలో ఇద్దరు ఇప్పుడు సరుకే కొనడం లేదు. పాత కార్మికులకు ఇవ్వాల్సిన గ్రాట్యుటీకి 30 లక్షలు పక్కన పెట్టలేదు. ఈ కోటి తీసేస్తే యూనిట్ సొంత విలువ 11 కోట్లు.

ఇక సినర్జీ. మేనేజర్ల కోటిన్నరలో మూడు ముక్కలున్నాయి. ఇద్దరి అవసరానికీ క్రాఫ్ట్ పేపర్ కలిపి కొంటే మిల్లు ధర తగ్గిస్తుందని 40 లక్షలు, రెండు ఆఫీసులు ఒకటి చేస్తే 30 లక్షలు, తమ కస్టమర్లకు ఈ పెట్టెలు కూడా అమ్మితే 80 లక్షలు.

పేపర్ బిల్లులు తిరగేస్తే యూనిట్ వాడేదాంట్లో సగం వేరే రకం. కొనేవారు ఆ రకం పేపర్ అసలు కొనరు. కాబట్టి ఆదా 20 లక్షలకు తగ్గుతుంది. ఆఫీసు ఖర్చులో 30 లక్షల ఆదా నిజమే. కానీ అది రెండో ఏడు నుంచే మొదలవుతుంది. పైగా మనుషుల సెటిల్‌మెంట్లకు, సామాను తరలింపుకు, సాఫ్ట్‌వేర్ మార్పుకు ముందుగా 25 లక్షలు ఖర్చవుతుంది. 80 లక్షల అదనపు లాభం రావాలంటే 5 కోట్ల కొత్త అమ్మకాలు కావాలి. మెషిన్లు ఇప్పటికే రెండు షిఫ్టులు నడుస్తున్నాయి, మిగిలిన సామర్థ్యంతో 2 కోట్ల సరుకే తయారవుతుంది. దాని మీద లాభం 32 లక్షలు. కస్టమర్లు తమ పాత సరఫరాదారును వదిలి వస్తారన్న భరోసా లేదు కాబట్టి అందులో సగం, అంటే 16 లక్షలే లెక్కలోకి తీసుకోవాలి.

అమ్మకాలు పెరుగుతాయన్న అంచనాను ఇంత గట్టిగా కత్తిరించడానికి కారణం ఉంది. ఖర్చు తగ్గించుకోవడం చాలావరకు కొన్నవారి చేతిలో పని. అమ్మకాలు పెరగడం మూడో మనిషి, అంటే కస్టమర్ చేతిలో ఉంటుంది. మెకిన్సే సంస్థ 2004లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు 70 శాతం విలీనాలు అమ్మకాల విషయంలో ఆశించిన సినర్జీని అందుకోలేకపోయాయి.

మూడు ముక్కలూ కలిపితే కోటిన్నర కాస్తా 66 లక్షలకు దిగింది. పన్ను పోగా సుమారు 50 లక్షలు. వచ్చేది కూడా రెండో ఏడు నుంచి. ఇంత అనిశ్చితి ఉన్న ఆదాయానికి 20 శాతం రాబడి కోరుకుంటే, దాని నేటి విలువ 2 కోట్ల పైచిలుకు. ముందు పెట్టే 25 లక్షలు తీసేస్తే 1.8 కోట్లు. మేనేజర్ల కాగితంలో ఇదే ఏడున్నర కోట్లు.

ఈ 1.8 కోట్లలో అమ్మేవారికి ఎంత ఇవ్వాలి? ఆ లాభం కోసం కష్టపడేదీ, రాకపోతే నష్టపోయేదీ కొన్నవారే. మొత్తం ఇచ్చేస్తే కొన్నందుకు మిగిలేది శ్రమ మాత్రమే. మూడో వంతు, అంటే 60 లక్షలు ఇచ్చి 11.6 కోట్లకు బేరం కుదుర్చుకోవడం సమంజసం. ఎంత సాగదీసినా 12.8 కోట్లు దాటకూడదు.

ఈ లెక్క అంతా యూనిట్ పుస్తకాలు నిజమైతేనే నిలుస్తుంది. వాటిని సరిచూడటానికి ఫ్రాంక్ కథ నేర్పే పద్ధతి ఒకటే. అమ్మేవారు ఇచ్చిన కాగితాన్ని వారి చేతుల మీదుగా రాని మరో కాగితంతో పోల్చాలి. అమ్మకాలను జీఎస్టీ రిటర్నులతో, రిటర్నులను బ్యాంకు ఖాతాలో పడిన డబ్బుతో కలిపి చూడాలి. ఆ స్టేట్‌మెంట్లు కూడా ప్రింటవుట్లుగా కాకుండా నేరుగా బ్యాంకు నుంచి తెప్పించుకోవాలి. కరెంటు బిల్లు కూడా చాలా చెబుతుంది. అమ్మకాలు 30 శాతం పెరిగాయంటూ, కరెంటు యూనిట్లు, పేపర్ కొనుగోళ్లు పోయినేడాది లాగే ఉంటే ఆ పెట్టెలు ఎక్కడ తయారయ్యాయని అడగాలి. మార్చిలో అమ్మకాలు ఒక్కసారిగా ఎగబాకి, ఏప్రిల్, మే నెలల్లో క్రెడిట్ నోట్ల మీద సరుకు వెనక్కి వస్తే, అమ్మకం ముందు లెక్కలు ఉబ్బించారని అనుమానించాలి.

మన ఉదాహరణలో మరో ప్రమాద సంకేతం కూడా ఉంది. అమ్మకాల్లో 45 శాతం ఒకే మందుల కంపెనీకి వెళ్తున్నాయి. అక్కడ కొనుగోళ్లు చూసే అధికారి యూనిట్ యజమానికి స్వయానా బావమరిది. ఆర్డర్లు యూనిట్‌కు వస్తున్నాయా, యజమాని ముఖం చూసి వస్తున్నాయా? బ్యాలెన్స్ షీట్‌లో దీనికి జవాబు దొరకదు. సంతకానికి ముందే, యజమాని అనుమతితో, ఆ కంపెనీలో బావమరిది పైఅధికారిని కలిసి మాట్లాడాలి. కలవడానికి యజమాని ఒప్పుకోకపోతే అదే జవాబు.

పాత పన్నుల సంగతి వేరే. షేర్లు కొంటే కంపెనీ పాత బాకీలన్నీ కంపెనీతోనే వస్తాయి. షేర్లు కాకుండా వ్యాపారాన్ని బదిలీ చేయించుకున్నా, బదిలీ నాటి వరకు పేరుకున్న జీఎస్టీ బకాయిలకు అమ్మినవారితో పాటు కొన్నవారినీ బాధ్యులను చేస్తుంది సీజీఎస్టీ చట్టం 85వ సెక్షన్. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి గడువు, ప్రావిడెంట్ ఫండ్ చెల్లింపులు కూడా చూసుకోవాలి.

తేలని అనుమానాలన్నిటికీ ధర తగ్గించడం ఒక్కటే మందు కాదు. 11.6 కోట్లలో కోటి రూపాయలను ఎస్క్రో ఖాతాలో ఏడాదిన్నర ఉంచి, పాత పన్ను నోటీసులేవీ రాకపోతేనే విడుదల చేయాలని రాసుకోవచ్చు. మరో 2 కోట్లు, మందుల కంపెనీ ఆర్డర్లు రెండేళ్లు కొనసాగితేనే ఇవ్వాలి. దీన్ని ఎర్న్ అవుట్ అంటారు. మొదటి రోజు చేతులు మారేది 8.6 కోట్లు. ఆర్డర్లు నిలుస్తాయన్న నమ్మకం యజమానికి నిజంగా ఉంటే ఈ షరతుకు ఒప్పుకోవడం కష్టం కాదు.

కొనే ఆలోచనలో ఉన్నవారు బేరానికి కూర్చోకముందే రెండు అంకెలు వేర్వేరు కాగితాల మీద రాసుకోవాలి. ఒకటి యూనిట్ ఇప్పుడున్న స్థితిలో చేసే విలువ, రెండోది సినర్జీ విలువ. సినర్జీ కాగితం మీద ప్రతి పద్దు ఎదురుగా దాన్ని సాధించి చూపాల్సిన మేనేజర్ పేరు, గడువు ఉండాలి. ఎవరి పేరూ రాయలేని పద్దును కొట్టేయాలి. యజమాని 18 కోట్ల నుంచి దిగనంటే జీడిమెట్ల యూనిట్‌ను వదిలేయాలి. ఆ ధరకు కొంటే, సినర్జీ అనుకున్నంతా వచ్చినా 5 కోట్లకు పైగా ఎక్కువ ఇచ్చినట్టే.