మొదటి పాఠం నుంచి పైలట్ లైసెన్స్ దాకా

ఇంటర్‌లో ఎంపీసీ తీసుకున్న పిల్లలు ఏటా ఒకరిద్దరైనా మమ్మల్ని అడిగే ప్రశ్న ఇది: "సార్, పైలట్ కావాలంటే ఏం చేయాలి?" ఈ చదువుకు లక్షల్లో ఖర్చవుతుంది కాబట్టి సాయం కోసం వాళ్లు చివరికి మన దాతల దగ్గరికే వస్తారు. ఏ మెట్టు దగ్గర ఏం జరుగుతుందో తెలిస్తే, ఎప్పుడు ఎంత ఇవ్వాలో తేల్చుకోవడం మనకు సులువవుతుంది.

హైదరాబాద్ పాతబస్తీకి చెందిన సయ్యదా సల్వా ఫాతిమా సంగతి మనలో చాలామందికి తెలుసు. తండ్రి బేకరీలో పనిచేసేవారు. సియాసత్ ఉర్దూ పత్రిక సంపాదకులు జాహెద్ అలీ ఖాన్ గారి అండతో ఆమె బేగంపేటలోని ఏవియేషన్ అకాడమీలో చేరి, 2013లో కమర్షియల్ పైలట్ లైసెన్స్ సాధించారు. ఆమె దాటిన మెట్లే ఈనాటి పిల్లలూ దాటాలి.

మొదటి మెట్టు వైద్య పరీక్ష. శిక్షణ మొదలుపెట్టడానికి క్లాస్ 2 సర్టిఫికెట్ చాలు. పౌర విమానయాన శాఖకు చెందిన డీజీసీఏ గుర్తించిన డాక్టర్లు దాన్ని ఇస్తారు. అయితే కమర్షియల్ లైసెన్స్‌కు క్లాస్ 1 తప్పనిసరి. అందులో కళ్లు, చెవులు, గుండె, రక్తం అన్నీ నిశితంగా చూస్తారు. కళ్లద్దాలు ఉన్నంత మాత్రాన పనికిరారని కాదు, అద్దాలతో చూపు సరిపోతే చాలు. రంగులు గుర్తించలేని లోపం మాత్రం పెద్ద అడ్డంకి. చాలామందికి ఆ లోపం తమకు ఉన్నట్టే తెలియదు. అందుకే మా సలహా ఒక్కటే: క్లాస్ 1 ఫలితం చేతికి వచ్చాకే అకాడమీ ఫీజు కట్టాలి. ముందు ఫీజు కట్టి, తర్వాత అనర్హులని తేలితే ఆ డబ్బు తిరిగి రావడం కష్టం.

రెండో మెట్టు పుస్తకాలది. ఎయిర్ నావిగేషన్, వాతావరణ శాస్త్రం, విమాన నిబంధనలు, విమాన సాంకేతిక విషయాలు చదివి పరీక్షలు రాయాలి. ఒక్కో పేపర్లో 70 శాతం మార్కులు వస్తేనే పాస్. రేడియోలో కంట్రోల్ టవర్‌తో మాట్లాడటానికి వేరే పరీక్ష ఉంటుంది. ఈ మెట్టుకు అయ్యే ఖర్చు విమానం నడపడానికి అయ్యే ఖర్చుతో పోలిస్తే చాలా తక్కువ. కాబట్టి పేపర్లు పాసయ్యాక గగనతల శిక్షణకు డబ్బు విడుదల చేయడం మంచిది. విద్యార్థి పట్టుదల ఏపాటిదో కూడా అప్పటికి తెలిసిపోతుంది.

మూడో మెట్టు ఎగరడం. మొదట ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుని చిన్న విమానంలో పైకి లేవడం, తిన్నగా నడపడం, మలుపులు తిప్పడం, దిగడం నేర్పుతారు. చేయి కుదిరిందని ఆయనకు నమ్మకం కలిగాక ఒక రోజు విమానం దిగిపోయి, "ఇప్పుడు నువ్వు ఒక్కడివే వెళ్లు" అంటాడు. దాన్నే సోలో అంటారు. అక్కడి నుంచి లాగ్‌బుక్‌లో గంటలు పేరుస్తూ పోవాలి. మొత్తం 200 గంటలు కావాలి. అందులో కనీసం 100 గంటలు విమానం బాధ్యత పూర్తిగా విద్యార్థిదే అయి ఉండాలి. ఒక ప్రయాణం 300 నాటికల్ మైళ్లకు, అంటే సుమారు 555 కిలోమీటర్లకు తగ్గకూడదు. ఆర్మూరు నుంచి హైదరాబాద్‌కు ఉన్న దూరానికి ఇది దాదాపు మూడింతలు. దారిలో రెండు వేర్వేరు విమానాశ్రయాల్లో దిగి మళ్లీ లేవాలి. బయటికి చూడకుండా పరికరాల మీదే ఆధారపడి 10 గంటలు, రాత్రిపూట 5 గంటలు నడపాలి. చివర్లో పరీక్షాధికారి పక్కన కూర్చుని నైపుణ్యం పరీక్షిస్తాడు.

ఎక్కువమంది నష్టపోయేది ఈ మెట్టులోనే. వర్షాకాలం, విమానాల మరమ్మతు, ఇన్‌స్ట్రక్టర్ల కొరత వల్ల నెలల తరబడి శిక్షణ ఆగిపోతుంది. ఆగినకొద్దీ చేయి తప్పుతుంది, నేర్చిందే మళ్లీ డబ్బు పెట్టి నేర్వాలి. ఈలోగా మెడికల్ గడువూ తీరిపోతుంది. ఇది ముందే పసిగట్టడానికి లాగ్‌బుక్ చాలు. నెలకు ఎన్ని గంటలు ఎగిరాడో అందులో కనిపిస్తుంది. చేరేముందే అకాడమీకి వెళ్లి, ఎన్ని విమానాలు నడిచే స్థితిలో ఉన్నాయో, పాత విద్యార్థికి గత నెలలో ఎన్ని గంటలు దొరికాయో అడగాలి. మొత్తం ఫీజు ఒకేసారి కట్టకుండా, ఎగిరిన గంటలను బట్టి వాయిదాలుగా కట్టాలి.

లైసెన్స్ వచ్చినంత మాత్రాన ఉద్యోగం వచ్చినట్టు కాదు. చిన్న విమానంపై నేర్చినవారు ఎయిర్‌బస్ వంటి పెద్ద విమానం నడపాలంటే ఆ రకం విమానానికే ప్రత్యేకంగా టైప్ రేటింగ్ చేయాలి. దానికీ లక్షల్లోనే ఖర్చు. సల్వా ఫాతిమా కూడా లైసెన్స్ తర్వాత ఇక్కడే ఆగిపోవాల్సి వచ్చింది. పై శిక్షణకు తెలంగాణ ప్రభుత్వం సుమారు 36 లక్షల రూపాయలు మంజూరు చేశాకే ముందుకు సాగారు.

పసుపు పండించే మన ఊళ్లో ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. కొమ్ము తవ్వితే పంట చేతికొచ్చినట్టు కాదు, ఉడకబెట్టి, ఎండబెట్టి, మెరుగు పెట్టాకే మార్కెట్‌కు వెళుతుంది. పైలట్ చదువుకు సాయం చేసే దాతలు కూడా చివరి మెట్టు ఖర్చు దాకా ముందే లెక్క వేసుకోవాలి. నలుగురికి సగం దారి దాకా ఇచ్చేకంటే ఒక్కరిని చివరిదాకా చేర్చడం మేలు. దాతల సొమ్ము మన చేతిలో ఉన్న అమానత్ కదా!