ఆఖరి పద్నాలుగు రోజుల్లో ఏ పుస్తకం మూయాలి?

జార్జియాలోనో కిర్గిజ్‌స్థాన్‌లోనో ఎంబీబీఎస్ చదివి వచ్చిన తెలుగు పిల్లలు ఇక్కడ వైద్యం చేయాలంటే ఎఫ్‌ఎంజీఈ దాటాలి. 300 ప్రశ్నలకు 150 సరైతే చాలు. ర్యాంకు లేదు, తప్పుకు కోతా లేదు. ఏది వదలాలో తేల్చేది ఈ లెక్కే.

ఒక అభ్యర్థికి రెండు వారాల ముందు నమూనా పరీక్షలో 138 వచ్చాయనుకుందాం. తప్పిన 162 ప్రశ్నలను మూడు కుప్పలు చేయాలి: చదివి మరిచిపోయినవి, తొందరలో తప్పుగా చదివినవి, అసలు ముట్టుకోనివి. మొదటి కుప్పలో 60 ఉంటే, అందులో పావు వంతు తిరిగి పట్టుకున్నా 153. మూడో కుప్ప జోలికి పోనక్కర్లేదు. కొత్త పాఠం తలకెక్కడానికి పట్టే ఒక రోజులో పాత పాఠాలు నాలుగు తిరగేయొచ్చు.

ఆ తిరగేతలో ముందు వరుస కమ్యూనిటీ మెడిసిన్‌ది. దానికి సుమారు 30 మార్కులు. టీకాల పట్టిక, జబ్బున్నవారిని పరీక్ష ఎంతమేరకు పట్టుకుంటుందో చెప్పే సూత్రాలు రెండు రోజుల్లో తిరిగి గుర్తొస్తాయి. వందమంది రోగుల్లో 90 మందిని పట్టుకుంటే సున్నితత్వం 90 శాతం. ఇంతే, కానీ పట్టిక గీయకపోతే గడులు తారుమారవుతాయి. ఎనస్థీషియా లాంటి చిన్న సబ్జెక్టుకు ఒక పూట చాలు. అనాటమీలో పిండాభివృద్ధి ఇప్పటికీ కొరకరాని కొయ్యే అయితే, నిర్మొహమాటంగా మూసేయాలి.

పరీక్షలో మాత్రం ఆ ప్రశ్ననూ ఖాళీగా వదలకూడదు.