రాత్రి డ్యూటీకి ముందు చదివే జాబితా

రాత్రి 8 గంటలు. సర్జికల్ వార్డులో డ్యూటీ మారింది. నర్సు చేతిలోని జాబితాలో 6వ బెడ్‌ పేషెంటు పేరు మూడు చోట్ల ఉంది. ఆయనకు షుగర్, పొద్దున్నే ఆపరేషన్.

మందుల వరుసలో: 10 గంటలకు ఇన్సులిన్, 20 యూనిట్లు. సమయానికి చేయాల్సిన పరీక్షల్లో: 10కి, 2కి, 6కి షుగర్. డాక్టర్ నుంచి రావాల్సిన వాటిలో: ఆపరేషన్‌కు ముందు రాత్రి ఇన్సులిన్ డోసు ఎంత?

విడివిడిగా చూస్తే ఏదీ తప్పు కాదు. కలిపి చదివితేనే చిక్కు తెలుస్తుంది. అర్ధరాత్రి నుంచి ఆయన ఏమీ తినకూడదు. రోజూ వేసే డోసే వేస్తే తెల్లవారుజామున షుగర్ పడిపోవచ్చు. నిద్రలో చెమట, వణుకు ఎవరూ గమనించకపోవచ్చు. అలాగని నర్సు తనంతట తాను డోసు తగ్గించకూడదు, మానేయకూడదు.

అందుకే 10 దాకా ఆగకుండా, ముందే డ్యూటీ డాక్టర్‌కు ఫోన్ చేస్తుంది. ఆయన 16 యూనిట్లు అంటారు. ఆమె అంకెను తిరిగి చదివి వినిపించి, రాసుకుంటుంది. డాక్టర్ వచ్చి సంతకం చేస్తారు.

2 గంటల పరీక్షలో షుగర్ 70 కన్నా తగ్గితే, ఆరింటి దాకా ఆగదు. వెంటనే డాక్టర్‌ను పిలుస్తుంది. నోటితో ఏమీ ఇవ్వకూడదు కనుక గ్లూకోజ్‌ను సాధారణంగా సెలైన్ లైన్ ద్వారానే ఎక్కిస్తారు.