సీసా వెనక చిన్న అక్షరాలు

కొత్త లోషన్ సీసా చేతికి రాగానే మనం చేసే మొదటి పని మూత తీసి వాసన చూడడం. నచ్చితే కొంటాం, లేకపోతే ఇంకోటి చూపించమంటాం. ఏ సెంటూ ఏమీ చేయని చర్మమైతే ఆ పరీక్ష చాలు. వాసన సరుకు తగిలితే దురద పుట్టే చర్మమైతే మాత్రం సీసాను వెనక్కి తిప్పి, చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న జాబితాను ఆఖరు నుంచి మొదటికి చదవాలి. ఎందుకంటే వాసనకు సంబంధించినవన్నీ సాధారణంగా చివర్లోనే ఉంటాయి. ఎక్కువ మోతాదులో కలిపినవి ముందు రాస్తారు. ఒక శాతం కన్నా తక్కువ ఉన్నవాటిని ఆ తర్వాత ఎలాగైనా రాసుకోవచ్చు.

అక్కడ 'పర్ఫ్యూమ్' అనో, 'ఫ్రాగ్రెన్స్' అనో, 'పార్ఫం' అనో ఒక మాట కనబడుతుంది. మాట ఒకటే కానీ దాని కింద పదుల కొద్దీ పదార్థాలు ఉండొచ్చు. మసాలా పొడి పొట్లం మీద 'మసాలా' అని మాత్రమే రాసినట్టన్నమాట. చాలా సీసాల మీద కథ అక్కడితో అయిపోతుంది. కొన్నిటి మీద మాత్రం దాని తర్వాత లిమోనీన్, లినలూల్, జెరానియాల్, సిట్రోనెల్లాల్, యూజెనాల్ అంటూ నాలుగైదు పేర్లుంటాయి. ఇవి అదనంగా కలిపిన మందులేమోనని భయపడేవాళ్ళున్నారు. కాదు. ఆ పర్ఫ్యూమ్ లోపల ఉన్నవాటినే పేరు పెట్టి బయటకు చెప్పారు.

ఇలా చెప్పాలన్న నియమం యూరప్‌లో 2005 నుంచి ఉంది. చర్మానికి పడకపోవచ్చని తేలిన 26 వాసన పదార్థాల పేర్లను విడిగా రాయాలన్నారు. ఒంటిమీద అలాగే ఉండిపోయే క్రీములూ లోషన్లలో అయితే లక్ష పాళ్ళకు ఒక పాలు దాటినా రాయాల్సిందే. సబ్బులాగా కడిగేసేవాటికి పదివేల పాళ్ళకు ఒక పాలు దాటితే చాలు. 2023లో ఆ జాబితాను 80కి పైగా పెంచారు. అందుకే పై దేశాల్లోనూ అమ్మే సరుకు మీద ఈ పేర్లు ఎక్కువగా కనిపిస్తాయి. ఇక్కడొక తిరకాసు ఉంది. పేర్లున్న సీసా చెడ్డదీ, ఒట్టి 'పర్ఫ్యూమ్' అని ఉన్నది మంచిదీ అనుకోకూడదు. రెండో దాంట్లో ఏముందో మనకు చెప్పలేదు, అంతే.

ఈ పేర్లు పరాయివి కానీ సరుకు మన వంటింటిదే. నిమ్మ, నారింజ తొక్క గిల్లితే కళ్ళలోకి చిమ్మే నూనెలో ఎక్కువ భాగం లిమోనీన్. ధనియాలకు ఆ వాసన ఇచ్చేది ముఖ్యంగా లినలూల్. లవంగంలో యూజెనాల్, గులాబీలో జెరానియాల్, సిట్రోనెల్లాల్. మరి రోజూ ధనియాల పొడి తినేవాళ్ళకు లోషన్‌లోని లినలూల్ ఎందుకు పడకూడదు? తినడం వేరు, చర్మానికి రోజుల తరబడి పూయడం వేరు. ఇంకో ముఖ్యమైన కారణం గాలి. తాజాగా ఉన్నప్పుడు లిమోనీన్, లినలూల్ రెండూ అంత అల్లరి చేయవు. గాలి తగిలి పాతబడేకొద్దీ అవి మారిపోయి హైడ్రోపెరాక్సైడ్లు అనేవి తయారవుతాయి. చర్మం ఎక్కువగా తిరగబడేది వాటి మీదే. మూత సరిగ్గా పెట్టక, కిటికీ పక్కన, ఏడాదిగా సగం మిగిలిన సీసా కొత్తదానికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టవచ్చు.

ఆళ్ళగడ్డలో ఉండే మా ఆడపడుచుకు మెడ పక్కన, చెవుల వెనక, మోచేతి మడతల్లో ఎర్రగా పొక్కి దురద పుట్టేది. ఆయింట్‌మెంట్ రాస్తే తగ్గేది, మానేస్తే మళ్ళీ వచ్చేది. "అంటుకునేదేమో అని జనం పక్కన కూర్చోవడం లేదు వదినా" అని పేరంటాలకు వెళ్ళడమే మానేసింది. (ఇది అంటుకునేది కానే కాదు.) అనుమానమంతా సబ్బు మీదే. మూడు సబ్బులు మార్చింది. నంద్యాల వచ్చినప్పుడు వాడేవన్నీ సంచిలో వేసుకు రమ్మన్నాను. సబ్బు మీద 'పర్ఫ్యూమ్' ఒక్కటే ఉంది. తలనూనె మీదా అంతే. లావెండర్ లోషన్ మీద మాత్రం పర్ఫ్యూమ్ తర్వాత లినలూల్, లిమోనీన్, సిట్రోనెల్లాల్ వరసగా ఉన్నాయి. కిందటి ఉగాదికి తెరిచిన సీసా అది. సబ్బు నిమిషంలో కడిగేస్తాం, లోషన్ రాత్రంతా ఒంటిమీదే. పైగా పొక్కులు వచ్చినవి లోషన్ రాసే చోట్లే.

అయినా లేబుల్ చదివి తీర్పు చెప్పేయకూడదు. డాక్టరుగారు చెప్పిన పద్ధతిలో, ముందు నెల రోజులు సెంటున్న పూతలన్నీ ఆపించాము. ఒళ్ళు పూర్తిగా మామూలయ్యాక, ఆయింట్‌మెంట్ కూడా ఆపి కొన్నాళ్ళయ్యాక, ముందు తలనూనెను మోచేతి లోపలి వైపు రూపాయి బిళ్ళంత మేర పొద్దునా సాయంత్రం రాసింది. రెండు వారాలు చూసినా ఏమీ కాలేదు. తర్వాత రెండో చేతికి లోషన్. అయిదో రోజుకు అక్కడ చిన్న చిన్న పొక్కులు లేచాయి, అంతటితో ఆపేసింది. ఒక రోజు చూసి "నాకేం కాలేదు" అనుకుంటే ఇది దొరికేది కాదు. పడకపోవడం నిదానంగా బయటపడుతుంది. రాసిన వెంటనే చుర్రుమని, కడగ్గానే పోతే అది ఎక్కువగా ఒట్టి మంటే కావచ్చు. ఈ పరీక్ష సబ్బుతో, షాంపూతో చేయకండి. కడగకుండా ఉంచితే అవి ఎవరి చర్మాన్నయినా మండిస్తాయి. ఒళ్ళు పొక్కి ఉన్నప్పుడూ వద్దు.

లోషన్ పడదని తేలింది, అందులో ఏది పడదో తేలలేదు. దానికి ప్యాచ్ టెస్ట్ ఉంది. వీపు మీద చిన్న చిన్న మందు బిళ్ళలు అంటించి రెండు రోజులకు తీసి చూస్తారు, నాలుగో రోజు మళ్ళీ చూస్తారు. ఇందులో 'ఫ్రాగ్రెన్స్ మిక్స్' అనే మామూలు బిళ్ళ ఒకటి ఉంటుంది. మా అమ్మాయికి దాంట్లో ఏమీ రాలేదు. ఇంట్లో అందరూ "సెంటు కాదన్నమాట" అనేశారు. అలా అనడానికి లేదు. ఆ బిళ్ళలో ఉండేవి ఎనిమిది పదార్థాలు. యూజెనాల్, జెరానియాల్ అందులో ఉన్నాయి కానీ లినలూల్, లిమోనీన్ లేవు. అందుకే డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు వాడే లోషన్ సీసా కూడా తీసుకెళ్ళాలి. ఆమె వీపు మీద ఆ లోషన్‌నే పెట్టి చూస్తే నాలుగో రోజుకు ఎర్రబడింది. అది లినలూలా లిమోనీనా అన్నది ఇంకా విడిపోలేదు. విడిగా పరీక్ష చేయాలంటే గాలికి పాతబడిన రకం బిళ్ళలు కావాలి, అవి అన్నిచోట్లా దొరకవు. కాబట్టి ఆమె రెంటినీ వదిలేసింది.

వదిలేయడమంటే దుకాణంలో మళ్ళీ లేబులే. 'అన్‌సెంటెడ్' అని ముందు పెద్దక్షరాలు చూసి ఆమె ఒకటి తీసింది. వెనక చూస్తే పర్ఫ్యూమ్ ఉండనే ఉంది. మందు వాసన తెలియకుండా కప్పడానికి కూడా సెంటు కలుపుతారు. 'ఫ్రాగ్రెన్స్ ఫ్రీ' అన్న మాట కాస్త నయం, దాన్ని కూడా వెనక జాబితాతో సరిచూసుకోవాలి. 'నాచురల్' అన్న మాటకు ఇక్కడ విలువ లేదు. లావెండర్ ఆయిల్ అంటే అందులో లినలూల్ ఉన్నట్టే, ఆరెంజ్ ఆయిల్ అంటే లిమోనీన్ ఉన్నట్టే, పేరు విడిగా రాయకపోయినా. మనం కమలా తొక్కలు ఎండబెట్టి కలిపే సున్నిపిండి కూడా ఇదే లెక్కలోకి వస్తుంది. ఇంకో మాట. పేరు చివర 'ఓల్' ఉన్నదల్లా సెంటు కాదు. గ్లిసరాల్, పాంథెనాల్ చర్మం ఎండిపోకుండా ఉంచేవి, వాటికి భయపడనక్కర్లేదు.

అక్షరాలు కనబడకపోతే ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. నంద్యాల దుకాణంలో మేమిద్దరం అలాగే నిలబడి చదువుతుంటే "ఏందమ్మా, పరీక్షకా?" అన్నాడు కొట్టతను. ఆమె చివరకు వాసన లేని వైట్ పెట్రోలియం జెల్లీ డబ్బా కొనుక్కుంది. సబ్బు మాత్రం పాతదే వాడుతోంది. మల్లెపూలలోనూ లినలూల్ ఉంటుందంటే బెంగపడింది కానీ, తలలో పెట్టుకుని చూస్తే మెడకు ఏమీ కాలేదు.