ముప్ఫై నిమిషాలు... ఎప్పట్నుంచి?

"ఆటోక్లేవ్ ఆన్ చేసి గాలి పోనివ్వాలి. 121 డిగ్రీల్లో 30 నిమిషాలు ఉంచాలి." గుడ్డలో చుట్టిన కత్తెరలు, ఫోర్‌సెప్స్ శుద్ధి చేయడానికి మా నర్సింగ్ హోమ్ గోడకి అంటించిన కాగితంలోని మాటలివి. పాతవాళ్లకి ఇబ్బంది లేదు. మరి కొత్తవాళ్లకో? కొత్తగా చేరిన అమ్మాయిని కాగితం చూసి చెయ్యమని, నేను నోరు మెదపకుండా పక్కన నిలబడ్డాను.

స్విచ్ వేసిన క్షణం నుంచే ఆమె గడియారం చూసుకుంది! తప్పు తనది కాదు, ఎప్పట్నుంచి లెక్కో కాగితంలో ఉంటేగా. 121కి చేరడానికే చాలాసేపు పడుతుంది. వాల్వులోంచి కాస్త ఆవిరి రాగానే మూసేయబోయింది కూడా. లోపల గాలి మిగిలితే ప్రెషర్ ముల్లు 15 పౌన్లు చూపినా వేడి చాలదు.

టేపు మీద చారలు నల్లబడ్డాయిగా అంటారా? అవి వేడి తగిలిందని చెబుతాయే గానీ, సూక్ష్మజీవులన్నీ చచ్చాయని కాదు.

కాగితం తిరగరాశాను: "ఆవిరి ఆగకుండా ధారగా వచ్చాకే వాల్వు మూయాలి. థర్మామీటరు 121 చూపగానే టైము పుస్తకంలో రాయాలి. అక్కణ్ణించి 30 నిమిషాలు." గడి ఖాళీగా ఉంటే ఆ పని జరగనట్టే లెక్క. చివర్న "చల్లారాక తెరవాలి" అన్నది కొట్టేసి, "ప్రెషర్ ముల్లు సున్నాకి వచ్చాకే మూత తీయాలి" అని పెట్టాను.