ఆఖరి ఈఎంఐ కట్టాక బ్యాంకుకు రాసే ఉత్తరం

మా మామయ్యది చిక్కడపల్లిలో ఫ్లాట్. సుల్తాన్ బజార్‌లోని ఒక బ్యాంకు బ్రాంచిలో హోమ్ లోన్ తీసుకుని కొన్నాడు. పోయిన ఏడాది మార్చి 5న ఆఖరి ఈఎంఐ కట్ అయింది. మర్నాడే బ్రాంచికి వెళ్లి ఒక కాగితం మీద "నా లోన్ అయిపోయింది, డాక్యుమెంట్లు ఇప్పించగలరు" అని రాసిచ్చాడు. కౌంటర్‌లో ఆయన సిస్టమ్ చూసి, "ఇంకా 1,274 రూపాయలు ఉన్నాయి సార్" అన్నాడు.

మామయ్యకు కోపం వచ్చింది కానీ అందులో మోసమేమీ లేదు. ఫ్లోటింగ్ వడ్డీ మధ్యలో పెరిగినా, ఒక ఈఎంఐ నాలుగు రోజులు ఆలస్యమైనా ఆ తేడా చివర్లో మిగులుతుంది. అంటే ఆఖరి ఈఎంఐ కట్టిన రోజు, లోన్ ముగిసిన రోజు ఒకటే కాకపోవచ్చు. అందుకే ఉత్తరం రాసేముందు స్టేట్‌మెంట్ తీసుకుని బ్యాలెన్స్ సున్నా అయిందో లేదో చూసుకోవాలి. మామయ్య మార్చి 10న ఆ డబ్బు కట్టి రసీదు తీసుకున్నాడు.

ఆ తేదీ ఎందుకంత ముఖ్యమంటే, 2023 సెప్టెంబర్ 13న రిజర్వ్ బ్యాంక్ ఒక ఆదేశం ఇచ్చింది. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లోపు బ్యాంకు ఒరిజినల్ డాక్యుమెంట్లన్నీ తిరిగివ్వాలి, రిజిస్ట్రీల్లో ఉన్న ఛార్జ్ తీసేయించాలి. తన వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలి. 2023 డిసెంబర్ 1 నుంచి ఇది అమల్లో ఉంది. మామయ్య విషయంలో గడువు ఏప్రిల్ 9. బ్యాంకు తప్పు వల్ల డాక్యుమెంట్లు ఏప్రిల్ 21న వస్తే, 12 రోజులకు 60,000 అన్నమాట. మార్చి 5 నుంచి లెక్కపెట్టి గొడవపడితే మాత్రం ఆయనే ఓడిపోయేవాడు.

ఇది పర్సనల్ లోన్లకే. రిజర్వ్ బ్యాంక్ లెక్కలో హోమ్ లోన్, మన ఎడ్యుకేషన్ లోన్ కూడా వాటిలోకే వస్తాయి. సుల్తాన్ బజార్ బట్టల షాపాయన వ్యాపారం కోసం ఇల్లు తాకట్టు పెట్టి తీసుకున్న లోన్ రాదు. ఆయన కూడా ఉత్తరం రాయాల్సిందే, కానీ రోజుకు 5,000 అని అందులో రాయలేడు.

మామయ్య రెండో ఉత్తరం నేనూ ఆయనా కూర్చుని రాశాం:

"బ్రాంచ్ మేనేజర్ గారికి,
విషయం: హోమ్ లోన్ ఖాతా నం. ______ — క్లోజర్ సర్టిఫికెట్, ఒరిజినల్ డాక్యుమెంట్ల కోసం.
పై ఖాతాలో మిగిలిన 1,274 రూపాయలు మార్చి 10న చెల్లించాను. బ్యాలెన్స్ సున్నా. రసీదు, స్టేట్‌మెంట్ జతచేశాను. దయచేసి:
1. బకాయి లేదని తెలిపే క్లోజర్ సర్టిఫికెట్ ఇవ్వగలరు.
2. లోన్ సమయంలో మీకిచ్చిన ఈ ఒరిజినల్స్ ఇవ్వగలరు: సేల్ డీడ్ నం. ____, 1987 నాటి లింక్ డాక్యుమెంట్ నం. ____.
3. ఆస్తిపై మీ ఛార్జ్ తొలగించి, ఆ ఆధారం ఇవ్వగలరు.
4. ఈఎంఐ ఆటో డెబిట్ రద్దు చేయగలరు.
డాక్యుమెంట్లు ఈ బ్రాంచిలోనే తీసుకుంటాను."

రెండో పాయింటే ఈ ఉత్తరానికి ప్రాణం. "నా డాక్యుమెంట్లన్నీ" అని రాస్తే ఎన్ని ఇచ్చినా అన్నీ ఇచ్చినట్టే అవుతుంది. నంబర్లు గుర్తులేకపోతే, లోన్ ఇచ్చినప్పుడు బ్యాంకు ఇచ్చిన డాక్యుమెంట్ల లిస్టు వెతకాలి. మామయ్యకు అది పెళ్లి ఆల్బమ్ కింద దొరికింది!

రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద బ్రాంచి స్టాంపు, తేదీ, సంతకం వేయించుకోవాలి. ఈమెయిల్ కూడా పంపితే మంచిదే.

ఏప్రిల్ 1న ఫోన్ వచ్చింది. కవర్‌లో సేల్ డీడ్ ఉంది, 1987 లింక్ డాక్యుమెంట్ లేదు. "అన్నీ అందాయని ఇక్కడ సంతకం పెట్టండి, అది తర్వాత చూద్దాం" అన్నారు. మామయ్య పెట్టలేదు. సేల్ డీడ్ మాత్రమే అందిందని రాసి సంతకం పెట్టి, స్టాంపు కాపీలో రెండో పాయింట్ చూపించాడు. డాక్యుమెంట్లు వేరే చోట స్టోరేజ్‌లో ఉంటాయట. నాలుగు రోజుల్లో అదీ వచ్చింది. అది లేకపోతే రేపు ఫ్లాట్ కొనేవాడికి లోన్ ఇచ్చే బ్యాంకు మొదట అడిగేది దాన్నే.

నిజంగా పోయి ఉంటే? అదే ఆదేశం ప్రకారం డూప్లికేట్ లేదా సర్టిఫైడ్ కాపీ తీసుకోవడానికి బ్యాంకు సాయం చేయాలి, ఖర్చూ అదే పెట్టుకోవాలి. అప్పుడు దానికి ఇంకో 30 రోజులు అదనంగా దొరుకుతాయి, రోజుకు 5,000 లెక్క 60 రోజుల తర్వాతే మొదలవుతుంది. బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి 30 రోజులైనా జవాబు రాకపోతే cms.rbi.org.in లో అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు. స్టాంపు కాపీ అక్కడా అక్కరకొస్తుంది.

డాక్యుమెంట్లు చేతికొచ్చాక మామయ్య ఈసీ తీయించాడు. తాకట్టు రిజిస్టర్ అయి ఉంటే అది ఈసీలో కనిపిస్తుంది, దాన్ని విడుదల చేసినట్టు కూడా కనిపించాలి. మొదటిసారి తీసినప్పుడు తాకట్టు ఎంట్రీ ఒక్కటే ఉంది. మళ్లీ బ్రాంచికి వెళ్లాం, మూడో పాయింట్ కోసం.